మాట కోస్తే బాణం గెంతింది

గురువారం. పొద్దున్నుంచీ ముసురు. ఆషాఢం కాబట్టి పెళ్ళి వీడియోల పని లేదు. మాస్టారి ఎక్సెల్ పాఠం పెన్‌డ్రైవ్‌లో ఉంది, ఈరోజు దాన్ని ఎడిట్ చేద్దామని పట్టుకుని కూర్చున్నాను.

మాస్టారు రిటైరయ్యాక విజయనగరం మూడు లాంతర్ల జంక్షన్ దగ్గర ఇంట్లోనే పిల్లలకు కంప్యూటర్ చెబుతున్నారు. క్లాసుకి రాలేని వాళ్ళు ఫోన్లో చూసుకుంటారని స్క్రీన్ రికార్డింగులు మొదలుపెట్టారు. చెప్పడం బాగా చెబుతారు. ఈ పాఠం వీలుకప్ గురించి. నలభై మంది పిల్లల పట్టిక: A లో రోల్ నంబరు, B లో పేరు, C లో తరగతి, D లో ఫీజు. H2 లో రోల్ నంబరు కొడితే పక్క గడిలో ఫీజు రావాలి.

```
=VLOOKUP(H2,A2:D41,4,FALSE)
```

ఆ నాలుగు దగ్గరే చిక్కంతా. మాస్టారు కామా వరకూ టైపు చేసి, "ఇప్పుడు మనకి కావలసింది మూడో కాలమ్" అన్నారు. అంటూనే మౌసు బాణాన్ని H2 పక్కనుంచి C శీర్షిక మీదకి తీసుకెళ్ళి, 3 కొట్టారు. వెంటనే, "కాదు కాదు, ఫీజు కదా, నాలుగో కాలమ్" అని దిద్దుకుని, 3 చెరిపి, బాణాన్ని D మీదకి జరిపి, 4 కొట్టారు. మొత్తం తొమ్మిది సెకన్లు. కొత్తగా నేర్చుకునే పిల్ల ఫోన్లో ఇది చూస్తే మూడు గుర్తుంటుందో నాలుగు గుర్తుంటుందో చెప్పలేం. తీసేయాల్సిందే.

పెళ్ళి వీడియోలో అయితే ఇలాంటిది నిమిషంలో పని. మాట తప్పితే కోసి, మీద పందిరి షాటో పూలదండ షాటో వేసేస్తే ఎవరికీ తెలియదు. స్క్రీన్ రికార్డింగులో ఆ సుఖం లేదు. తెర మీద కదిలేది బాణం ఒక్కటే, చూసేవాళ్ళ కన్ను దాన్నే పట్టుకుని ఉంటుంది. ఆ తొమ్మిది సెకన్లు కోసి రెండు ముక్కలూ కలిపితే చెవికి అతుకు పెద్దగా తెలియదు కానీ, H2 దగ్గరున్న బాణం ఒక్క గెంతు గెంతి D మీద వాలుతుంది. అక్కడేదో దాచారని చిన్నపిల్లలు కూడా పట్టేస్తారు.

అందుకని ముందు నేను వాడే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ డావిన్సీ రిజాల్వ్‌లో బొమ్మనీ మాటనీ విడదీశాను. రెండిటినీ ఒకేచోట కోయాలన్న నియమం ఏమీ లేదు. మాట ఎక్కడ కోయాలో చెవి చెబుతుంది, బొమ్మ ఎక్కడ కోయాలో బాణం చెబుతుంది. బొమ్మలో మొదటి కోత బాణం H2 పక్కన కదలకుండా ఉన్న చివరి ఫ్రేమ్ దగ్గర పెట్టాను. రెండో కోత 3 చెరిపేశాక, 4 కొట్టక ముందు, బాణం D మీద ఆగిన ఫ్రేమ్ దగ్గర. ఈ రెండు ఫ్రేముల్లోనూ ఫార్ములా కామా దగ్గరే ఆగి ఉంటుంది. అంటే అటూ ఇటూ అక్షరాలు ఒక్కటే, తేడా బాణంలో మాత్రమే.

ఇక ఆ గెంతుని దాచాలి. మామూలుగా అందరూ చేసేది మెల్లగా దగ్గరకి వెళ్ళే జూమ్. ఇక్కడ అది పెడితే ఇంకా దొరికిపోతాం. జూమ్ నడుస్తుండగా కన్ను దాని వెంట పోతూనే ఉంటుంది, మధ్యలో బాణం గెంతితే స్పష్టంగా కనబడుతుంది. అతుకు దగ్గర కావలసింది మెత్తటి జూమ్ కాదు, ఠక్కున మారే జూమ్. మొదటి ముక్క మొత్తం తెరగా ఉంచి, రెండో ముక్కని మొదటి ఫ్రేమ్ నుంచే ఒకటిన్నర రెట్లు పెంచి పెట్టాను. తెరంతా ఒక్కసారిగా మారేసరికి కన్ను మళ్ళీ వెతుక్కుంటుంది, వెతుక్కుని చూస్తే బాణం D మీద ఉంటుంది. అంతకుముందు ఎక్కడుందో గుర్తురాదు. పెంచడం పదో పరకో శాతం అయితే పనిచేయదు, ఏదో జారినట్టు ఉంటుంది. మారితే బాగా మారాలి.

ఒకటిన్నర దగ్గరే ఎందుకు ఆగానంటే, మాస్టారి రికార్డింగు 1920×1080, నేను ఇచ్చేదీ అంతే. ఒకటిన్నర రెట్లంటే 1280×720 ముక్కని సాగదీసినట్టు. రెండు రెట్లంటే 960×540, అప్పుడు అంకెల అంచులు మసకబారతాయి. చిన్న ఫోన్లో సర్దుకుంటుంది గానీ పెద్ద తెర మీద తెలుస్తుంది.

ఇంకో తిరకాసు ఉంది. ఫార్ములా కనబడే పట్టీ తెర పైభాగంలో, ఎడమవైపు ఉంటుంది. దాన్ని సరిగ్గా మధ్యకి తెద్దామంటే కుదరదు. ఒకటిన్నర రెట్లు పెంచిన బొమ్మ తెరకి బయట అటూ ఇటూ 480 పిక్సెళ్ళు, పైనా కిందా 270 పిక్సెళ్ళు మాత్రమే మిగులుతుంది. అంతకంటే ఎక్కువ జరిపితే అంచున నల్ల పట్టీ వస్తుంది. అందుకని X లో 480, Y లో −270 పెట్టి పైమూలకి ఆనించి వదిలేశాను. ఫార్ములా పట్టీ, A నుంచి D వరకూ కాలమ్‌లు, జవాబు వచ్చే గడి, అన్నీ అందులో పట్టాయి. ఆ పాఠం ముక్క అయ్యేదాకా జూమ్ అక్కడే ఉంచాను. వాక్యానికోసారి దగ్గరకీ దూరానికీ లాగితే తల తిరుగుతుంది. అతుకు లేని చోట్ల మాత్రం మెత్తటి జూమే బాగుంటుంది. అది కూడా బాణం బయల్దేరకముందే మొదలై, నొక్కేలోపు ఆగిపోవాలి. సెకనుకి ముప్పై ఫ్రేముల వీడియోలో ఇరవై ఫ్రేములు చాలు.

బొమ్మ దారిన పడింది. మాటే మొరాయించింది. "కావలసింది" తర్వాత "నాలుగో" అతికిస్తే అర్థం కుదిరింది, గొంతు కుదరలేదు. "కాదు కాదు" తర్వాత వచ్చిన "నాలుగో" కదా, మాస్టారు దాన్ని గట్టిగా నొక్కి పలికారు. ముందు మాట మెల్లగా నడుస్తుంటే మధ్యలో ఎవరినో మందలించినట్టు వినబడింది. శబ్దం తగ్గించి చూశాను. శబ్దం తగ్గింది గానీ విసురు తగ్గలేదు.

ఫోన్ చేసి, "మాస్టారూ, ఒక్క వాక్యం మళ్ళీ చెప్పాలండీ" అన్నాను.

"ఏటి బాబూ, మళ్ళీనా? ఇప్పుడే పంపిస్తానుండు."

వాట్సాప్‌లో వాయిస్ వచ్చింది. వాక్యం చక్కగా ఉంది. పాఠంలో పెట్టి వింటే మాస్టారు పక్కింటి నుంచి మాట్లాడుతున్నట్టుంది. ఫోన్ మైకు వేరు, వాట్సాప్ శబ్దాన్ని నొక్కేసి పంపుతుంది, పైగా మొదటి రికార్డింగులో ఉన్న ఫ్యాన్ హోరు ఇందులో లేదు. వాన కాస్త తెరిపి ఇచ్చాక కాలర్ మైకు పట్టుకుని బండి మీద వెళ్ళాను. అదే గది, అదే కుర్చీ, ఫ్యాన్ మూడు మీద. చల్లగా ఉంది కదా ఫ్యాన్ ఎందుకన్నారు మాస్టారు. పాఠంలో ఆ హోరు ఉంది కాబట్టి ఉండాలన్నాను. "నాలుగో" ఒక్కటీ కాకుండా వాక్యం మొదటినుంచీ చెప్పించాను. మాట మధ్యలో అతుకు పెట్టడం కంటే వాక్యానికీ వాక్యానికీ మధ్య, ఊపిరి తీసే చోట పెట్టడం ఎప్పుడూ తేలిక. చివర్లో ఎవరూ మాట్లాడకుండా పది సెకన్లు ఉత్త ఫ్యాన్ చప్పుడు కూడా తీసుకున్నాను. మాటల మధ్య ఖాళీ వచ్చిన చోట అది పరచకపోతే హోరు ఠపీమని ఆగి మళ్ళీ మొదలవుతుంది.

ఇంటికొచ్చి అతికించాను. కొత్త వాక్యం బొమ్మ కంటే సెకనుంబావు ఎక్కువ వచ్చింది. బాణం H2 పక్కన ఆగి ఉన్న ఆఖరి ఫ్రేమ్‌నే అంతసేపు నిలబెట్టేశాను. నిలిపిన ఫ్రేమ్‌లో టైపు చేసే గీత మిణుకుమనడం మానేస్తుంది, కానీ అంత కొద్దిసేపట్లో ఎవరూ గమనించరు. అతుకు మీద రెండు ఫ్రేముల క్రాస్‌ఫేడ్ వేస్తే మాట సాఫీ అయిపోయింది.

మౌనాలను తనంతట తాను కత్తిరించే ఆప్షన్ ఒకటి కొన్ని ఎడిటర్లలో ఉంటుంది. మిగతా పాఠానికి సరదాగా అది ప్రయత్నించి వెంటనే తీసేశాను. "నొక్కండి" అన్నప్పుడు ఆ క్క దగ్గర నోట్లో గాలి ఒక్క క్షణం ఆగిపోతుంది. తెర మీది శబ్ద తరంగంలో అది ఉత్త ఖాళీలా కనబడుతుంది. దాన్ని మౌనం అనుకుని కోసేస్తే "నొకండి" అవుతుంది. కనీస మౌనం అర సెకను దాటితేనే కోయమని పెడితే ఈ బాధ ఉండదు, కానీ అప్పుడు అది కోసేవాటిలో సగం మాస్టారు పిల్లలకి ఆలోచించుకోవడానికి ఇచ్చిన విరామాలే. చేత్తోనే కోశాను. "ఏటంటే"లు బోలెడున్నాయి. రెండుసార్లు వెంటవెంటనే వచ్చిన చోట ఒకటి తీశాను, మిగతావి ముట్టుకోలేదు. అవన్నీ తీసేస్తే అది మాస్టారి పాఠంలా ఉండదు, బస్టాండ్ అనౌన్స్‌మెంటులా ఉంటుంది.

మౌసు నొక్కిన చోట పసుపు వలయాలు పెట్టడం ఆఖరి పని. బాణం రికార్డింగులో కలిసిపోయి ఉంది కాబట్టి దాని వెంట వలయాన్ని తిప్పాలంటే ఫ్రేము ఫ్రేముకీ జరపాలి. అంత అక్కర్లేదు. నొక్కేటప్పుడు బాణం ఎలాగూ ఆగుతుంది, అక్కడ అర సెకను కనబడితే చాలు. మామూలుగా పెడితే పసుపు అంకెల మీద పడి వెలిసినట్టు చేస్తుంది. Composite Mode లో Multiply ఎంచుకుంటే తెల్ల గడి పసుపవుతుంది, నల్ల అంకె నల్లగానే ఉంటుంది. వలయం వేరే పొరలో ఉంటుంది కదా, కింది బొమ్మకి మాత్రమే జూమ్ ఇస్తే వలయం పాత చోటే ఉండిపోయి బాణం పక్కకి పోతుంది. రెండిటినీ కలిపి ఒకే కాంపౌండ్ క్లిప్ చేసి, దానికి జూమ్ ఇవ్వాలి.

రాత్రి ఫైలు పంపి, మాస్టారికి ఫోన్లో మూడు సంగతులు చెప్పాను. రికార్డింగుకి ముందు, విండోస్‌కి మైక్రోసాఫ్ట్ ఇచ్చే పవర్‌టాయ్స్‌లో Win + Shift + H నొక్కితే వలయాలు అవే వస్తాయి. మాట తప్పితే ఒకసారి చప్పట్లు కొట్టి వాక్యం మొదటినుంచీ చెప్పండి, తరంగంలో ఆ ముల్లు నాకు దూరం నుంచే కనబడుతుంది. అన్నిటికంటే ముఖ్యం, ఏ వాక్యమైనా మొదలుపెట్టేముందు మౌసు వదిలేయండి, కదపాల్సి వచ్చినప్పుడే పట్టుకోండి.

"మౌసు వదిలేసి మాట్లాడమంటే ఈ చేతులు ఏటి సేసుకోమంటావు బాబూ?" అన్నారు.

సుద్దముక్క పట్టుకోండి అన్నాను. నవ్వి పెట్టేశారు. తర్వాతి పాఠం IFERROR అట. ఆదివారం వెళ్ళి పవర్‌టాయ్స్ వేసి రావాలి, డిస్‌ప్లే స్కేలింగు కూడా 125 శాతానికి పెంచాలి. ఎక్సెల్ కింద ఉండే జూమ్‌తో గడులే పెద్దవవుతాయి, ఫార్ములా పట్టీ అలాగే ఉండిపోతుంది.