ఫ్రిజ్ బాగు చేయించాలా, మార్చాలా?

మల్కాజిగిరిలో మా ఇంట్లో 13 ఏళ్ల డబుల్ డోర్ ఫ్రిజ్ ఆగిపోయింది, వెనక నుంచి టక్‌మని శబ్దం, కొన్ని సెకన్లు గుర్రుమని మళ్లీ టక్, అంతే. ఇలా అయితే ముందు కంప్రెసర్‌ని స్టార్ట్ చేసే రిలే మార్చి చూడమనండి, అది కొన్ని వందల్లో పోతుంది. మా మెకానిక్ అన్న కొత్త రిలే పెట్టినా స్టార్ట్ కాలేదు, మీటర్ పెట్టి చూస్తే కంప్రెసర్ లోపలి మోటార్ వైండింగ్ బాడీకి షార్ట్ అయింది, అంటే కంప్రెసర్ పోయినట్టే. కంప్రెసర్, ఫిల్టర్, గ్యాస్ అన్నీ కలిపి 8,000 అన్నాడు.

కొత్తది ఎక్స్‌ఛేంజ్ పోను 24,000. తేడా 16,000 చూసి రిపేరుకే ఒప్పుకునేదాన్ని, కానీ వేసవిలో ప్లగ్ మీటర్ పెట్టి చూసినప్పుడు పాతది రోజుకు 2 యూనిట్ల పైనే తాగింది. కొత్తదాని లేబుల్ మీద ఏడాదికి 220 యూనిట్లు, అంటే రోజుకు 0.6. నెలకు 40 యూనిట్లకు పైగా మిగులు, మా స్లాబులో యూనిట్ 8 రూపాయల లెక్కన 300 దాటుతుంది. నాలుగేళ్లు కాస్త దాటేసరికి తేడా తీరిపోతుంది. కంప్రెసర్ మార్చినా వదులైన డోర్ గాస్కెట్, పాత ఇన్సులేషన్ అలాగే ఉంటాయి కదా. అదే ఏడేళ్లలోపు ఫ్రిజ్ అయితే కచ్చితంగా బాగు చేయించేదాన్ని, పైగా చాలా కంపెనీలు కంప్రెసర్‌కి పదేళ్ల వారంటీ ఇస్తున్నాయి, ముందు బిల్లు వెతకండి.