పుట్టింటికి వెళ్ళిన శాంపిల్

డిసర్టేషన్‌కి "గర్భిణులలో రక్తహీనత" అని రాసిస్తే, "అది అంశం కాదమ్మా, సముద్రం" అన్నారు మా గైడ్ మేడం. కుదించగా మిగిలిన ప్రశ్న: మా ఆరోగ్య కేంద్రం పరిధిలో ఐరన్ మాత్రలు తీసుకెళ్ళిన గర్భిణులలో ఎంతమంది వాటిని క్రమంగా వేసుకుంటున్నారు?

ముందస్తు అంచనా లేదు కాబట్టి సగంమంది అనుకున్నాం. 5 శాతం అటూఇటూ తేడాకు కావలసిన శాంపిల్ 4×50×50÷(5×5), అంటే 400 మంది. పదిమందిలో ఒకరు దొరకరనుకుంటే 445.

అసలు చిక్కు ఆశా కార్యకర్త చెప్పింది: "ఏడో నెల దాటితే చాలామంది పుట్టింట్లోనే ఉంటారు మేడం." దాంతో ఐదు, ఆరు నెలలవారికే పరిమితమయ్యాం. వేసుకుంటున్నారా అని అడిగితే అందరూ అవుననే అంటారు. అందుకే స్ట్రిప్పులో మిగిలిన మాత్రలు లెక్కపెడుతున్నాం. ముందే కబురు పెడితే ఆ లెక్కా మారిపోతుంది. కాబట్టి చెప్పకుండానే ఇంటికి వెళ్ళి, సమ్మతి సంతకం గుమ్మం దగ్గరే తీసుకుంటున్నాం.