వాయిస్ ఓవర్ లేకుండా మనసులో మాట: నా స్క్రీన్‌రైటింగ్ ప్రిపరేషన్

ఫిల్మ్ స్కూల్ ఎంట్రన్స్‌కి ప్రిపేర్ అవుతున్నప్పుడు నన్ను ఎక్కువ రోజులు ఇబ్బంది పెట్టిన ప్రశ్న ఒకటుంది. పాత్ర మనసులో ఏముందో వాయిస్ ఓవర్ లేకుండా ఒక పేజీలో, అంటే తెర మీద దాదాపు ఒక నిమిషంలో చూపించాలి.

నేను ఎంచుకున్నది తండ్రిని పోగొట్టుకున్న కొడుకు కథ. మొదట "నాన్న గుర్తొచ్చి కుమిలిపోతాడు" అని రాశాను. నా పేపర్ దిద్దిన సీనియర్ ఆ వాక్యం పక్కన "ఇక్కడ కెమెరాకి ఏం కనిపిస్తుంది?" అని రాశారు. సరే అని ఫొటో చూస్తూ ఏడ్చినట్టు మార్చాను. ఇప్పుడు కనిపిస్తుంది, కానీ బాధ అన్న ఒక్క ముక్క తప్ప ఇంకేమీ తెలియదు. అది ఏ కొడుక్కైనా సరిపోతుంది.

అప్పటి నుంచి పాత్ర మనసులో మాటను ముందు రఫ్ పేజీలో రాసుకుంటున్నాను. ఈ కొడుకుది: "అప్పుడు విసుక్కున్న దాన్నే ఇప్పుడు వదులుకోలేకపోతున్నాను." ఈ మాట సీన్‌లో ఎక్కడా రాకూడదు. దాన్ని మోసే వస్తువు ఒకటి కావాలి, ఆ వస్తువుతో అతను ఏదో ఒకటి తేల్చుకోవాలి. నాకు దొరికింది తండ్రి ఫోన్‌లో మందుల అలారం.

రాత్రి ఎనిమిది. బల్ల మీద ఫోన్ మోగుతుంది. తండ్రి కుర్చీ ఖాళీగా ఉంది. కొడుకు ఫోన్ తీసుకుంటాడు. తెర మీద "ఆపు", "స్నూజ్". వేలు "ఆపు" దాకా వెళ్లి ఆగుతుంది. స్నూజ్ నొక్కుతాడు. బ్యాటరీ మూడు శాతం. ఛార్జర్ వెతికి తెచ్చి పెడతాడు.

ఇది చదివిన ఫ్రెండ్‌ని ఒక్కటే అడిగాను: వాడేం అనుకుంటున్నాడు? "మందులు తర్వాత వేసుకుందాం అనుకుంటున్నాడు" అన్నాడు. అలారం ఎవరిదో, ఎందుకో నేను ముందు చెప్పలేదు మరి. తండ్రి బతికున్నప్పటి సీన్ ఒకటి కలిపాను: అదే అలారం మోగితే, కొడుకు లాప్‌టాప్ నుంచి తల ఎత్తకుండానే చెయ్యి చాపి ఆపేస్తాడు. రెండోసారి చదివాక ఫ్రెండ్, "ఆపేస్తే నాన్న నిజంగా వెళ్లిపోయినట్టే అనుకుంటున్నాడు" అన్నాడు. నేను రాసుకున్న మాట కాదు, దానికన్నా మంచి మాట.

సోవియట్ దర్శకుడు కులెషోవ్ ఎడిటింగ్ మీద చేసిన ప్రయోగం థియరీలో అందరం చదివాం కదా. ఒకే ముఖం షాట్ పక్కన సూప్ గిన్నె షాట్ పెడితే ప్రేక్షకులకు ఆ ముఖంలో ఆకలి, శవపేటిక షాట్ పెడితే దుఃఖం కనిపించాయి. నాకది ఈ సీన్‌తోనే అర్థమైంది. అందుకే ఛార్జర్ దగ్గర కొడుకు ముఖానికి క్లోజప్ రాయలేదు. అతని వీపు, ఖాళీ కుర్చీ ఒకే ఫ్రేములో ఉంచాను.

ఈ పద్ధతితో అన్నీ చెప్పలేం. ఆస్పత్రిలో ఏ రోజు ఏం జరిగిందో లాంటి సమాచారం అలారం మోయలేదు, దానికి డైలాగో ఇంకో సీనో కావాలి. ఒంటరిగా కూర్చుని తండ్రి ఫొటోతో మాట్లాడించడం మాత్రం వద్దు, అది వేషం మార్చిన వాయిస్ ఓవరే.

పరీక్షలో సీన్ రాయడానికి ఇచ్చిన నలభై నిమిషాల్లో మొదటి పది నిమిషాలు నేను సీన్ రాయలేదు. వస్తువు ఏది, అది ముందు ఎక్కడ కనిపించాలి, చివర్లో దాన్ని ఏం చేస్తాడు అన్న మూడే రఫ్‌లో తేల్చుకున్నాను.