షెడ్డులో ఉన్న కారుకు టోల్ కట్: ఫాస్టాగ్ స్టేట్‌మెంట్‌తో డబ్బు వెనక్కి రాబట్టిన నా అనుభవం

బుధవారం రాత్రి ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. బెంగళూరు దారిలోని ఒక టోల్ ప్లాజా దగ్గర నా ఫాస్టాగ్ నుంచి డబ్బు కట్ అయిందని. ఆ సమయానికి నా కారు హైదరాబాద్‌లో సర్వీస్ సెంటర్ లోపల ఉంది. మెకానిక్ ఎవరైనా బయటికి తీశారేమోనని మొదట టెన్షన్ పడ్డాను. వెంటనే ఫిర్యాదు చేయకుండా, బ్యాంకు యాప్‌లోంచి ఆ నెల స్టేట్‌మెంట్ పీడీఎఫ్ దింపుకుని ముందు నుంచి చదివాను. ఒక తప్పును పట్టుకోవాలంటే మిగతా లైన్లు సరైనవో కాదో తేలాలి కదా.

అంతకుముందు శని, ఆదివారాల్లో విజయవాడ వెళ్లొచ్చాం. ఆ ప్రయాణం తాలూకు లైన్లలోనే రెండు చోట్ల అనుమానం వచ్చింది.

మొదటిది, ఆదివారం మధ్యాహ్నం మేం ఇంట్లో భోజనం చేస్తుండగా చిల్లకల్లు టోల్ కట్ అయినట్టు ఉండటం. స్టేట్‌మెంట్‌లో ప్రతి టోల్‌కూ రెండు సమయాలు ఉంటాయి. ఒకటి లేన్‌లోని రీడర్ మన ట్యాగ్‌ను చదివిన సమయం, రెండోది బ్యాంకు మన ఖాతాలోంచి డబ్బు తీసిన సమయం. మెసేజ్ వచ్చేది రెండోదాన్ని బట్టి. ప్లాజా దగ్గర నెట్‌వర్క్ సరిగా లేకపోతే ఆ లావాదేవీ బ్యాంకుకు చేరేసరికి గంటలు పడుతుంది. చిల్లకల్లు లైన్‌లో రీడర్ సమయం ఉదయం 6:10, డబ్బు కట్ అయింది మధ్యాహ్నం 2 దాటాక. మేం ఆ ప్లాజా దాటింది నిజంగానే ఉదయం ఆరు గంటలప్పుడు, కాబట్టి అది సరైనదే. ఇంకో సంగతి, పక్కన కనిపించే బ్యాలెన్స్ డబ్బు కట్ అయిన వరసలో మారుతుంది తప్ప మనం ప్రయాణించిన వరసలో కాదు. అందుకే బ్యాలెన్స్ చూసి లెక్క సరిపెట్టబోతే తికమక తప్పదు. రీడర్ సమయం ప్రకారం లైన్లను వేరే కాగితం మీద రాసుకుంటే తేలిగ్గా తెలుస్తుంది.

రెండో అనుమానం పంతంగి దగ్గర. తిరుగు ప్రయాణంలో చిల్లకల్లు, కొర్లపహాడ్ ప్లాజాల్లో సగమే పడింది, పంతంగిలో మాత్రం పూర్తి టోల్ పడింది. జాతీయ రహదారి ప్లాజాల్లో 24 గంటల్లోపు తిరిగొస్తే రానూపోనూ కలిపి ఒకటిన్నర రెట్లు కడితే చాలు. ఫాస్టాగ్ ఉంటే వెళ్లేటప్పుడు పూర్తిగా, వచ్చేటప్పుడు సగం కట్ అవుతుంది. అయితే ఈ 24 గంటలను ఏ ప్లాజాకు ఆ ప్లాజాలో విడిగా లెక్కేస్తారు. శనివారం మేం పంతంగి దాటింది ఉదయం 7:10కి, కొర్లపహాడ్ 8:05కి, చిల్లకల్లు 9:20కి. ఆదివారం చిల్లకల్లు 6:10కి, కొర్లపహాడ్ 7:25కి వచ్చాం, రెండూ గడువులోపే. పంతంగి చేరేసరికి 8:20 అయింది, అంటే 25 గంటలు దాటింది. వెళ్లేటప్పుడు మొదట దాటిన ప్లాజా వచ్చేటప్పుడు చివర తగులుతుంది కాబట్టి గడువు ముందుగా అక్కడే తీరిపోతుంది. ఇదీ సరైనదే.

ఇక మిగిలింది బుధవారం లైన్. అందులో రీడర్ సమయం రాత్రి 9:42, డబ్బు కట్ అయింది ఆ తర్వాత రెండు నిమిషాలకు. కాబట్టి పాత ప్రయాణం ఆలస్యంగా పడిందనుకోవడానికి లేదు. వాహనం తరగతి VC4 అని ఉంది, అంటే కారు, జీపు, వ్యాను. tis.nhai.gov.in లో ఆ ప్లాజా రేటు చూస్తే, కట్ అయిన మొత్తం కారు సింగిల్ ట్రిప్ టోల్‌కు సరిగ్గా సరిపోయింది. ఎవరో కారులో వెళ్లారు, డబ్బు నాది పోయింది.

నా ట్యాగ్‌కు ఎవరైనా నకిలీ చేశారా అన్న భయం కూడా కలిగింది. దానికీ జవాబు స్టేట్‌మెంట్‌లోనే దొరికింది. ఆ దారిలో వెళ్లే బండికి ముందూ వెనకా వేరే ప్లాజాలు తగులుతాయి. నకిలీ ట్యాగే అయితే వాటిలో కూడా డబ్బు కట్ అవ్వాలి. నాకు పడింది ఒక్క చోటే. ఇలా ఒంటరిగా పడిన లైన్ కనిపిస్తే ముందు అనుమానించాల్సింది చేత్తో నంబరు కొట్టడాన్ని. ట్యాగ్ చదవనప్పుడు లేన్‌లోని సిబ్బంది బండి నంబరు టైప్ చేసి టోల్ తీస్తారు. అక్కడ ఒక్క అంకె తేడా వచ్చినా డబ్బు వేరేవాళ్ల ఖాతాలోంచి పోతుంది. ఇలాంటి తప్పుడు కోతలకు టోల్ ఏజెన్సీల మీద ఒక్కోదానికి లక్ష రూపాయల జరిమానా వేస్తున్నట్టు 2025లో జాతీయ రహదారుల సంస్థే చెప్పింది.

గురువారం సాయంత్రం కారు తెచ్చుకునేటప్పుడు జాబ్ కార్డు, గేట్ పాస్ రెండూ అడిగి తీసుకున్నాను. లోపలికి వెళ్లినప్పటికీ బయటికొచ్చినప్పటికీ మీటర్ రీడింగ్‌లో తేడా 3 కిలోమీటర్లే. టెస్ట్ డ్రైవ్‌కు అది సరిపోతుంది, బెంగళూరు దారిలోని టోల్ దాకా వెళ్లి రావడానికి కాదు.

ఫిర్యాదు చేయాల్సింది ట్యాగ్ ఇచ్చిన బ్యాంకుకే. టోల్ ప్లాజాకు ఫోన్ చేసినా వాళ్లు నేరుగా మన ఖాతాలో డబ్బు వేయరు. మన బ్యాంకు ఆ ప్లాజా తరఫు బ్యాంకును అడిగి వెనక్కి తెప్పించాలి. యాప్‌లో కారణాల జాబితా వస్తుంది: ఎక్కువ తీశారు, రెండుసార్లు తీశారు, వాహనం ఆ ప్లాజా దాటలేదు. నేను మూడోది ఎంచుకుని లావాదేవీ ఐడీ, రీడర్ సమయం, లేన్ నంబరు రాసి, జాబ్ కార్డు జతచేశాను. జాతీయ రహదారి ప్లాజా కాబట్టి జాతీయ రహదారుల హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ చేసి అక్కడా నమోదు చేయించాను. తప్పుడు కోతల కోసమే ఉన్న falsededuction@ihmcl.com కు అవే వివరాలు మెయిల్ పెట్టాను.

కొన్ని రోజులకు "లావాదేవీ విజయవంతమైంది, ఫిర్యాదు ముగించాం" అని బ్యాంకు జవాబిచ్చింది. చాలామంది ఇక్కడే వదిలేస్తారు. లావాదేవీ విజయవంతమైందంటే డబ్బు సక్రమంగా చేతులు మారిందనే అర్థం, ప్లాజా దాటింది నా కారేనని కాదు. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి ఫిర్యాదు మళ్లీ తెరిపించి, ఆ సమయంలో ఆ లేన్ కెమెరా తీసిన ఫోటో తెప్పించమని అడిగాను. ప్రతి లేన్‌లో కెమెరా ఉంటుంది కాబట్టి అది ఊరికే దాటేయగల కోరిక కాదు. "ఫోటో రావాలంటే టైమ్ పడుతుంది మేడమ్" అన్నాడు అవతలి అబ్బాయి. పడనివ్వండి, ఫోటో లేకుండా మాత్రం ముగించొద్దని మెయిల్‌లో కూడా రాశాను. 30 రోజుల్లో బ్యాంకు తేల్చకపోతే, లేదా దాని జవాబు మనకు సబబుగా లేకపోతే, cms.rbi.org.in లో రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయొచ్చు. ఆ మాట కూడా రాశాను.

ఆ గడువు తీరకముందే జవాబొచ్చింది. ఫోటోలో ఉన్నది వేరే కారు. దాని నంబరుకూ నా నంబరుకూ ఒక్క అంకె తేడా, అక్కడ 8, నాది 3.

డబ్బు వెనక్కి వచ్చినప్పుడు పాత లైన్ చెరిగిపోదు. వేరే తేదీతో, వేరే ఐడీతో జమ అయినట్టు కొత్త లైన్ పడుతుంది. నాకు పడిన జమ లైన్ వివరాల్లో బుధవారం నాటి లావాదేవీ ఐడీ ఉంది, మొత్తం కూడా సరిపోయింది. ఆ రెండు లైన్లున్న స్టేట్‌మెంట్లను, బ్యాంకు జవాబును ఒకే ఫోల్డర్‌లో పెట్టి, 1033లో ఇంకా తెరిచి ఉన్న ఫిర్యాదును ముగించమని చెప్పాను.