మాక్స్ ఉన్న అసమీకరణంలో నేను ఎక్కడ తప్పాను

లెక్క ఇది: max(x², x+6) < 2x+3 కావాలంటే x ఎంత ఉండాలి?

మాక్స్ అంటే రెండింటిలో పెద్దది. ఏది పెద్దదో x మీద ఆధారపడి ఉంటుంది కాబట్టి ముందు ఆ మార్పు ఎక్కడ జరుగుతుందో చూశాను. x² = x+6 అని రాస్తే (x−3)(x+2) = 0, అంటే −2, 3 దగ్గర. మధ్యలో x = 0 పెడితే 0, 6 వస్తాయి; కాబట్టి −2 నుంచి 3 వరకు x+6 పెద్దది, బయట x² పెద్దది. సంఖ్యారేఖ గీసి ఒక్కో ముక్క మీద ఏది రాజ్యం చేస్తోందో రాసుకున్నాను.

బయటి ప్రాంతంలో x² < 2x+3 సాధిస్తే −1 < x < 3. మధ్య ప్రాంతంలో x+6 < 2x+3 సాధిస్తే x > 3. ఈ రెండూ కలిపేసి "−1 కంటే పెద్దవన్నీ, 3 తప్ప" అని జవాబు రాసేశాను. x = 0 పెట్టి చూస్తే ఎడమ 6, కుడి 3. కుదరలేదు.

తప్పు బీజగణితంలో లేదు. −1 < x < 3 అనేది బయటి ప్రాంతపు షరతు కింద వచ్చిన జవాబు, కానీ ఆ సంఖ్యలన్నీ మధ్య ప్రాంతంలో ఉన్నాయి. x > 3 సంగతీ అంతే, అది మధ్య ప్రాంతంలో లేనే లేదు. ప్రతి జవాబునూ దాని ప్రాంతంతో ఛేదించాకే సమ్మేళనం చేయాలి. అలా చేస్తే రెండు చోట్లా ఏమీ మిగలదు: సాధనే లేదు.

తమాషా ఏమిటంటే, మాక్స్ తీసి మిన్ పెడితే నా తప్పు జవాబే ఒప్పవుతుంది. అప్పుడు మధ్యలో x² చిన్నది, బయట x+6 చిన్నది. ఛేదిస్తే −1 < x < 3, x > 3 రెండూ అలాగే నిలుస్తాయి. 3 దగ్గర మాత్రం 9 < 9 అవుతుంది కాబట్టి అదొక్కటే పోతుంది. గుర్తు ≤ అయితే అదీ చేరి, x ≥ −1 వస్తుంది.

మాక్స్ చిన్నది కావాలంటే రెండూ చిన్నవి కావాలి, మిన్‌కి ఏ ఒక్కటైనా చాలు. ఈ అడ్డదారి బాగానే ఉంటుంది గానీ, ముక్కలుగా నిర్వచించిన ప్రమేయానికి పనికిరాదు. ఉదాహరణకు x < 2 అయితే f(x) = x², x ≥ 2 అయితే f(x) = x+1. f(x) ≥ 4 సాధించాలి. మొదటి ముక్కలో x ≤ −2 నిలుస్తుంది, x ≥ 2 కొట్టేయాలి. రెండో ముక్కలో x ≥ 3. ఇక్కడ 2 ని మొదటి ముక్కలో కలుపుకుంటే 4 ≥ 4 అని మోసపోతాం; నిజానికి f(2) = 3. మాక్స్‌లో సరిహద్దు బిందువును ఏ పక్కన వేసినా ఒకే విలువ వస్తుంది. ఇలాంటి ప్రమేయంలో అది ఏ ముక్కదో నిర్వచనం చూసే రాయాలి.