కాల్ రికార్డింగ్‌కి సర్టిఫికెట్ తెచ్చుకునేసరికి

చేబదులు తీసుకున్న మనిషి కోర్టులో "రూపాయి కూడా తీసుకోలేదు" అన్నాడు. ఫోన్లో మాత్రం "సంక్రాంతికి సర్దేస్తాను" అన్నది నా దగ్గర రికార్డయి ఉంది. దావా వేయడం, నోటీసులు వెళ్లడం మామూలుగానే జరిగిపోయాయి. చిక్కంతా ఆ కాల్‌ని కోర్టులో సాక్ష్యంగా మార్క్ చేయించేటప్పుడు వచ్చింది.

ఇలాంటి ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సర్టిఫికెట్ జతచేయాలి. దీనికి 2024 జూలై 1 నుంచి పాత సాక్ష్య చట్టం 65బి స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ వచ్చింది. సర్టిఫికెట్ రెండు భాగాలు. పార్ట్ ఏ మనం సంతకం చేయాలి, పార్ట్ బీ ఎక్స్‌పర్ట్ చేయాలి. ఫోన్ మోడల్, రంగు, ఐఎంఈఐతో పాటు ఫైలు హ్యాష్ విలువ కూడా రాయాలి. ఫైలు వేలిముద్ర లాంటిదన్నమాట. పేరు మార్చినా అది మారదు, లోపల ఒక్క సెకను కత్తిరించినా పూర్తిగా మారిపోతుంది.

మా వకీలు గుమాస్తాకి ఆ సంగతి తెలియదు. వినడానికి బాగుంటుందని మొదట్లో రింగయ్యే భాగం తీసేసి, ఎంపీ3 చేసి పెన్‌డ్రైవ్‌లో ఎక్కించాడు. హ్యాష్ మాత్రం ఫోన్లోని అసలు ఫైలుది రాశాడు. అవతలి వకీలు తనకిచ్చిన కాపీని ఇంట్లోనే చూసుకుని వచ్చాడు. నన్ను బోనులో నిలబెట్టి, "సర్టిఫికెట్‌లోని ఈ 64 అక్షరాల హ్యాష్‌లో మొదటి నాలుగూ చదవండి, ఇప్పుడు ఈ పెన్‌డ్రైవ్ ఫైలు హ్యాష్‌లోవి చదవండి" అన్నాడు. చదివాను. కలవలేదు. "ఎడిట్ చేశారు సార్" అన్నాడు. వెనక బెంచీల్లో నవ్వులు. అబద్ధం ఆడింది వాడు, తలదించుకున్నది నేను.

విచారణ ముగియలేదు కాబట్టి సరైన సర్టిఫికెట్ వేసుకోవడానికి జడ్జిగారు టైమిచ్చారు. సర్టిఫికెట్ ఆలస్యంగా ఇవ్వొచ్చని 2020లో అర్జున్ పండిత్‌రావు కేసులో సుప్రీంకోర్టు చెప్పిందట. ఫోన్‌నే తెచ్చి సొంతదారు సాక్ష్యమిస్తే సర్టిఫికెట్ అక్కర్లేదని కూడా అందులోనే ఉంది. కానీ ఫోన్ కోర్టులోనే ఉండిపోతే నా పనులెలా?

ఇక పార్ట్ బీ. ఫారంలో ఎక్స్‌పర్ట్ అని ఉందే గానీ ఎవరో లేదు. కంప్యూటర్ సెంటర్ కుర్రాడు కోర్టుకి రావాలేమోనని భయపడి వద్దన్నాడు. చివరికి ఒక ప్రైవేటు ఫోరెన్సిక్ ఆయన దొరికాడు. ఫీజు గట్టిగానే లాగాడు గానీ పని తెలిసినవాడు. ఫోన్‌కి కేబుల్ పెట్టి నా ముందే కాపీ తీసి, హ్యాష్ రిపోర్టు జతచేశాడు.

మీరూ పెన్‌డ్రైవ్ దాఖలు చేసేముందు విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో ఇది కొట్టి, వచ్చిన హ్యాష్ సర్టిఫికెట్‌లోదానితో కలిసిందో లేదో చూసుకోండి, గుమాస్తాల మాట నమ్మకండి:

```
certutil -hashfile call.m4a SHA256
```

ఈసారి మార్కయింది. వెంటనే అవతలివాళ్లు "గొంతు మాది కాదు" అన్నారు. సర్టిఫికెట్ ఫైలుకే గానీ గొంతుకి కాదు. ఇప్పుడు వాడి గొంతు నమూనా తీసి పోల్చడానికి పంపమని పిటిషన్ వేస్తున్నాం.