లంచ్ బాక్సు చీటీ: ఇప్పటిదాకా ఎక్కడికొచ్చింది

పిల్లల మధ్యాహ్నం డబ్బాలో ఏం పెట్టొచ్చో మా అమ్మాయి క్లాసు పేరెంట్స్‌కి ఒక చీటీ రాశాను. అది ఎలా తయారైందో నెలల వారీగా ఇది.

జనవరి

వంటింట్లోకి చిన్న తూకం మెషీన్ కొన్నప్పటి నుంచి పట్టుకున్న సరదా ఇది. మా అమ్మాయి రెండో తరగతి. పొద్దున డబ్బా మూత పెట్టే ముందు తూస్తాను, సాయంత్రం తిరిగొచ్చాక మళ్లీ తూస్తాను. మా స్టీలు డబ్బా ఖాళీగా 210 గ్రాములు. అది తీసేస్తే ఎంత పంపామో, ఎంత మిగిలిందో తెలుస్తుంది. క్యాలెండర్‌లో ఆ తేదీ గడిలో రెండు అంకెలు, పక్కన వంట పేరు. మా ఆవిడ దీన్ని రేషన్ షాపు అంటుంది.

అంకెలు పేరుకున్న కొద్దీ తేలింది ఏమిటంటే, మా పిల్ల ఒక పూటకు తినేది 60 గ్రాముల బియ్యం వండితే వచ్చే అన్నమే. అంటే సుమారు 170 గ్రాములు. ఇంకాస్త పెడితే ఆ ఇంకాస్తే ఇంటికొస్తుంది. కాబట్టి ఎక్కువ పెట్టడం వల్ల లాభం లేదు, ఆ కాస్త చోటులోనే పప్పూ కూరా పట్టాలి.

కొలతకు ఒక గీత కావాలి కదా. సర్కారు బళ్లలో మధ్యాహ్న భోజనానికి పెట్టిన లెక్క తీసుకున్నాను. ఒకటి నుంచి ఐదో తరగతి వరకు ఒక్కో పిల్లకు పూటకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె. మొత్తం మీద 450 కేలరీలు, 12 గ్రాముల ప్రొటీన్ రావాలి. బియ్యం మా పిల్లకు ఎక్కువే గానీ, ఆ 12 గ్రాముల ప్రొటీన్ మంచి గీత. ఏడు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకు రోజుకు దాదాపు 23 గ్రాములు కావాలని తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. మధ్యాహ్నం పూటకే సగం వచ్చేస్తే మిగతా సగం గురించి టెన్షన్ ఉండదు.

ఫిబ్రవరి

ఈ నెలంతా దృష్టి పులిహోర మీదే పెట్టాను. మా వీధిలో ఎవరి డబ్బా మూత తీసినా వారానికి ఒకసారైనా కనిపించేది అదే. పైగా దాన్ని 'ఉత్త అన్నం' అని తీసిపారేసేవాళ్లు ఎక్కువ.

60 గ్రాముల బియ్యంలో ప్రొటీన్ 5 గ్రాముల లోపే. మామూలుగా తాలింపులో ఒక పిల్ల వంతుకు వచ్చే పల్లీలు ఐదారు గ్రాములు, శనగపప్పు, మినప్పప్పు కలిపి ఇంకో నాలుగైదు గ్రాములు. వాటితో ఇంకో రెండు గ్రాముల పైన ప్రొటీన్ వస్తుంది. మొత్తం ఏడు, ఏడున్నర. ఇప్పుడు పల్లీలు 20 గ్రాములకు పెంచాను, అంటే పిల్లల గుప్పిటతో ఒక గుప్పెడు. పప్పులు రెండూ కలిపి 10 గ్రాములు చేశాను. వంట అదే, పొయ్యి మీద టైము అదే, ప్రొటీన్ మాత్రం పదకొండున్నర దాటింది. పక్కన రెండు చెంచాల పెరుగు పెడితే 12 గీత దాటేస్తుంది.

పప్పులు పెంచినప్పుడు ఒక తంటా ఉంది. పొద్దున కరకరలాడే శనగపప్పు మధ్యాహ్నానికి అన్నంలోని తడి పీల్చుకుని, మెత్తగానూ కాకుండా కరకరగానూ కాకుండా పంటికి గట్టిగా తగులుతుంది. మా పిల్ల ఏరి పక్కన పెట్టింది, ఆ ఏరినవే తూకంలో కనబడ్డాయి. శనగపప్పును అరగంట నీళ్లలో నానబెట్టి, తుడిచి, అప్పుడు వేయించి వేస్తే ఆ గొడవ పోయింది. పల్లీలు మాత్రం విడిగా వేయించి, అన్నం చల్లారాక కలపాలి.

ఆవకాయ అన్నం మీద కూడా ఇదే లెక్క వేసి చూశాను. పెద్ద చెంచాతో రెండు చెంచాల కందిపప్పు, అంటే 25 గ్రాములు, ముద్దపప్పుగా ఉడికించి కలిపితే 5 గ్రాముల పైన ప్రొటీన్ చేరుతుంది. మన పెద్దవాళ్లు ఆవకాయకు ముద్దపప్పు జత చేసింది కారం చంపడానికే అనుకునేవాణ్ని. ప్రొటీన్‌లో ఒక భాగమైన లైసిన్ బియ్యంలో తక్కువ, పప్పులో ఎక్కువ. అందుకే రెండూ కలిస్తే ఒంటికి బాగా పనికొస్తాయి.

మార్చి

ఎండలు మొదలయ్యాయి. డబ్బా కట్టేది ఏడుంబావుకి, తెరిచేది పన్నెండున్నరకి. ఆ ఐదు గంటలు తరగతి గది బయట చెక్క అరలో ఉంటుంది.

ఉడికిన అన్నంలో కూడా బతికుండే సూక్ష్మజీవి ఒకటి ఉంది, బాసిల్లస్ సీరియస్. గోరువెచ్చటి అన్నంలో గంటల తరబడి పెరిగి విషం వదులుతుంది. తర్వాత మళ్లీ వేడి చేసినా ఆ విషం పోదు. రాత్రంతా పొయ్యి గట్టు మీదున్న అన్నానికి పొద్దున తాలింపు పెడితే చాలదన్నది అందుకే. పొద్దున వండింది, లేదా రాత్రి వండిన గంటలోపే ఫ్రిజ్‌లోకి వెళ్లింది అయితే ఇబ్బంది లేదు. మామూలు స్టీలు డబ్బా అయితే అన్నాన్ని పళ్లెంలో పరిచి ఆవిరి పోయాక మూత పెట్టాలి. లేకపోతే మూతకు పట్టిన నీళ్లు అన్నంలోకే కారతాయి. అన్నం పాడైతే చాలాసార్లు మిగిలిన అన్నమే చెబుతుంది: పుల్లటి వాసన, వేళ్లకు జిగురు, మెతుకుకీ మెతుకుకీ మధ్య తీగ.

పెరుగన్నం ఈ నెలలో అన్నిటికన్నా బాగా నిలబడింది. అన్నం మెత్తగా మెదిపి, గోరువెచ్చగా ఉండగా కాచిన పాలు పోసి, ఒక్క చెంచా పెరుగు కలిపితే చాలు. డబ్బాలోనే తోడుకుని పన్నెండున్నరకు కమ్మగా ఉంటుంది. పొద్దున్నే గిన్నెడు పెరుగు కలిపితే అదే టైముకు పులిసిపోతుంది.

జూన్

బడులు తెరిచారు. నా క్యాలెండర్ సంగతి క్లాస్ టీచరుకు ఎలాగో తెలిసింది. "ఒక పేజీలో పేరెంట్స్‌కి ఏదైనా రాసిస్తారా అండీ? సైన్సు పాఠంలా వద్దు, ఎవరినీ నొప్పించకూడదు" అన్నారు.

బంధువుల పిల్లలు చదివే ఇంకో బడిలో ఇచ్చిన సర్క్యులర్ ముందు పెట్టుకుని కూర్చున్నాను. అందులో నాలుగు వాక్యాలు: జంక్ ఫుడ్ నిషేధం, రోజూ పండూ డ్రై ఫ్రూట్సూ తప్పనిసరి, తల్లులు మరింత శ్రద్ధ తీసుకోవాలి, నియమం పాటించని డబ్బాలు వెనక్కి పంపబడును. ఆ చివరి వాక్యం చదివితే ఒళ్లు మండింది. డబ్బా వెనక్కి పంపితే ఆకలితో కూర్చునేది పిల్లే కదా. బాదం, జీడిపప్పు రోజూ అంటే నెలకు ఎంతవుతుందో రాసినవాళ్లు లెక్కేసుకున్నట్టు లేదు. ఇక 'తల్లులు' అన్న మాట. మా క్లాసులోనే డబ్బా కట్టే అమ్మమ్మలున్నారు, నాన్నలున్నారు, షిఫ్టుకు వెళ్లే అమ్మ స్థానంలో ఎనిమిదో తరగతి అక్క ఉంది.

అందుకని చీటీకి నేను పెట్టుకున్న నియమం ఒక్కటే: ఏదీ తీసేయమని చెప్పకూడదు, ఉన్నదానికి ఏం కలపొచ్చో మాత్రమే చెప్పాలి. 'జంక్', 'చెత్త తిండి' అన్న మాటలు రావు. ఎందుకంటే ఆ కాగితం డైరీలో అంటిస్తారు, పిల్లలు కూడబలుక్కుని చదువుతారు, మర్నాడు పక్కవాడి డబ్బా మీద ప్రయోగిస్తారు. పిల్లల చేతిలో రాయి కాగల మాట ఏదీ అందులో ఉండకూడదు.

జులై

ముసాయిదాను ముగ్గురికి చదివి వినిపించాను. పక్కింటి పిన్నిగారు "గుడ్డు పేరు మొదట పెట్టకు బాబూ, మేం తినం, చదవడం అక్కడే ఆపేస్తాం" అన్నారు. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ భార్య దానికి సరిగ్గా ఎదురు చెప్పింది: "గుడ్డూ చేపా రాయకపోతే, మా తిండి మంచిది కాదేమో అనుకుంటం అన్నా." ఇద్దరి మాటా నిజమే. అందుకే పప్పుతో మొదలుపెట్టి చేప, మాంసం దాకా ఒకే వాక్యంలో, ఒకే వరసలో రాశాను. మూడోవాడు మా బావమరిది. అతను అడిగింది "ఇంతకీ డబ్బాలు చెక్ చేస్తారా?" అని. ఆ భయానికి జవాబు చీటీలోనే ఉండాలనిపించింది. టీచరు ఒప్పుకున్నాక రాశాను.

ఇప్పుడున్న పాఠం ఇది:

"డబ్బా సర్దే మీకు,

పిల్లల మధ్యాహ్నం డబ్బాలో మూడు రకాలు ఉంటే సాయంత్రం దాకా ఓపిక ఉంటుంది. ఒకటి, కడుపు నింపేది: అన్నం, రొట్టె, ఇడ్లీ, ఉప్మా, మీ ఇంట్లో ఏది చేస్తే అది. రెండు, బలాన్నిచ్చేది: పప్పు, పల్లీలు, శనగలు, పెరుగు, గుడ్డు, చేప, మాంసం, వీటిలో మీరు తినేది ఏదైనా ఒకటి. మూడు, కూరగాయో ఆకుకూరో పండో, రెండు చెంచాలైనా చాలు. దొరికే కాలంలో జామకాయ ముక్కలు చాలా మంచివి.

ఇవి వేరువేరు గిన్నెల్లో ఉండక్కర్లేదు. పాలకూర పప్పన్నంలో మూడూ ఉన్నాయి. పులిహోరలో పల్లీలు ఒక గుప్పెడు ఎక్కువ వేస్తే రెండు వచ్చేసినట్టే. పచ్చడి అన్నం ఒక్కటే కుదిరిన రోజు అదే పంపండి, వీలున్న రోజు ముద్దపప్పు కలపండి. బిస్కెట్లో చిప్సో పెట్టిన రోజు తోడుగా అరటిపండో ఉడికించిన శనగలో పెట్టండి.

ఎండాకాలం పొద్దున వండిన అన్నం గానీ, రాత్రే ఫ్రిజ్‌లో పెట్టిన అన్నం గానీ వాడండి. ఆవిరి పోయాక మూత పెట్టండి.

పల్లీలు, గుడ్డు, పాలు మీ పిల్లలకు పడకపోతే టీచరుకు ముందే చెప్పండి.

డబ్బాల తనిఖీ లేదు. ఎవరి డబ్బా గురించీ, దాని వాసన గురించీ తరగతిలో వ్యాఖ్యలు ఉండవు. డబ్బా కట్టడం కుదరని రోజు టీచరుకు ఒక్క మెసేజ్ పెట్టండి, ఇక్కడే ఏర్పాటు చేస్తాం."

వాసన మాట కావాలనే పెట్టాను. గుడ్డు మరీ ఎక్కువసేపు ఉడికితే పచ్చసొన చుట్టూ ఆకుపచ్చ వలయం కట్టి గంధకం వాసన వేస్తుంది. నీళ్లు మరిగాక పది నిమిషాలు ఉంచి చన్నీళ్లలో వేసి, పెంకుతోనే పంపితే చాలావరకు తగ్గుతుంది. ఇది చీటీలో పెట్టలేదు, అడిగినవాళ్లకు టీచరు చెబుతున్నారు.

ఆగస్టు

ఒక ఏ4 కాగితానికి రెండు వచ్చేలా ప్రింటు తీసి, మధ్యకు కత్తిరించి ఇచ్చారు. చదవడం రానివాళ్ల కోసం టీచరు అదే పాఠాన్ని తన గొంతుతో చదివి క్లాసు వాట్సాప్ గ్రూపులో పెట్టారు. కాగితం కన్నా దానికే ఎక్కువ స్పందన వచ్చింది.

ఎల్‌కేజీ టీచరు కూడా కావాలన్నారు గానీ, ఇదే పాఠం వాళ్లకు ఇవ్వలేం. అంత చిన్నపిల్లలకు గింజ పల్లీలు గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది. గుప్పెడు పల్లీల బదులు రెండు చెంచాల పల్లీ పొడి అని మార్చాలి, ద్రాక్షపళ్లు నిలువుగా కోయమని ఒక వాక్యం చేర్చాలి, శనగలు మెదపాలి. వాళ్లు తినేదెంతో నాకు అంకెలు లేవు. కింద ఫ్లాటువాళ్ల బాబు ఎల్‌కేజీ. తూకం మెషీన్ ఈ నెలంతా వాళ్లింట్లోనే ఉంటుంది.